లారీలు ఘాట్ దిగే వేళ: ఒక షార్డింగ్ కీని ఎలా ఎంచుకున్నాం

విశాఖపట్నంలో లారీలకు జీపీఎస్ పెట్టి, బండి ఎక్కడుందో యజమానికి ఫోన్లో చూపించే ఒక చిన్న కంపెనీకి డేటాబేస్ పనిలో కొన్ని నెలలు సాయం చేశాను. కంపెనీ పేరు, కస్టమర్ల వివరాలు రాయడం లేదు. ఎవరూ గుర్తుపట్టకుండా అంకెల్ని కాస్త మార్చి గుండ్రం చేశాను, కానీ వాటి మధ్య నిష్పత్తులు అసలువే. ఒక్క సర్వర్ మోయలేని డేటాను కొన్ని సర్వర్లకు పంచడమే షార్డింగ్, ఆ ఒక్కో సర్వర్ ఒక షార్డ్, ఏ వరస ఏ షార్డ్‌కు వెళ్లాలో తేల్చే విలువ షార్డింగ్ కీ. ఆ కీ గురించి మాట్లాడేటప్పుడు అందరం "డేటా సమానంగా పంచుకోవాలి" అనే దగ్గర ఆగిపోతాం. ఈ కేసులో డేటా సమానంగా పంచుకున్న కీ కూడా మమ్మల్ని ముంచేదే. అది ఎలా బయటపడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

మొత్తం 38,000 బండ్లు. ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ప్రతి 10 సెకన్లకు బండి ఎక్కడుందో చెప్పే ఒక పింగ్ వస్తుంది. రద్దీ వేళల్లో సుమారు 23,000 బండ్లు రోడ్డు మీద ఉంటాయి కాబట్టి సెకనుకు 2,300 పింగ్‌లు. చూడ్డానికి పెద్ద అంకె కాదు. కానీ ఒక్క పింగ్ వస్తే డేటాబేస్‌లో మూడు రాతలు జరుగుతాయి: పొజిషన్ల టేబుల్లో కొత్త వరస, "బండి ఇప్పుడు ఇక్కడుంది" అనే వరస సవరణ, నడుస్తున్న ట్రిప్పులో కిలోమీటర్ల సవరణ. బండి మ్యాప్ మీద గీసిన హద్దు దాటితే అలర్ట్ అదనం. ఇవన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. పొజిషన్ రాసి ట్రిప్పు రాయకపోతే నెలాఖరు కిలోమీటర్ల లెక్క తప్పుతుంది, ఆ లెక్క మీదే డ్రైవర్లకు, డీజిల్‌కు డబ్బులు కడతారు.

ఇదంతా క్లౌడ్‌లో ఒకే మైఎస్‌క్యూఎల్ సర్వర్ మీద నడిచేది.

సమస్య ఎలా కనిపించింది

మొదట పసిగట్టింది సపోర్ట్ డెస్క్. పొద్దున్నే ఒక యార్డ్ సూపర్‌వైజర్ ఫోన్: "ఏటండీ, బండి మా గేటు కాడికొచ్చీసింది, మీ యాప్‌లో ఇంకా ఘాట్ మీదే ఉన్నట్టు చూపిస్తంది!" అలాంటి ఫోన్లు వారానికి రెండు మూడు, తర్వాత రోజూ. పింగ్‌లు క్యూలో చేరి సర్వర్ తీసుకునే దాకా ఆగుతున్నాయి. ఆ వెనకబాటు పొద్దున ఆరున్నరకు మొదలై తొమ్మిదింటికి గానీ తీరేది కాదు.

సర్వర్ చదవడంతో అలిసిపోతోందా, రాయడంతోనా అన్నది ముందు తేల్చుకోవాలి. సీపీయూ సగం ఖాళీగానే ఉంది. డిస్క్ మీద రాతలు మాత్రం క్లౌడ్ వాళ్లు ఇచ్చిన హద్దును తాకి అక్కడే నిలిచిపోతున్నాయి. `SHOW ENGINE INNODB STATUS` ఇచ్చినప్పుడు `Log sequence number` కీ `Last checkpoint at` కీ మధ్య దూరం నిమిషనిమిషానికి పెరుగుతోంది. అంటే మార్పుల్ని ముందుగా నమోదు చేసే లాగ్‌లో రాసినంత వేగంగా అసలు పేజీలు డిస్క్ మీదికి చేరడం లేదు. ఆ దూరం లాగ్ సైజు దగ్గరికి వచ్చినప్పుడల్లా మైఎస్‌క్యూఎల్ కొత్త రాతల్ని ఆపి, పాతవి దించుకుంటోంది. గ్రాఫ్ మీద రంపం పళ్లలా కనిపించేది అదే.

షార్డింగ్‌కు ముందు చేసినవి

నేను వెళ్లేసరికే రెండు రెప్లికాలు పెట్టి ఉన్నారు. రిపోర్టులు వాటి మీదికి మళ్లాయి, మంచిదే. కానీ రాతల భారం ఇసుమంత కూడా తగ్గలేదు, తగ్గదు కూడా. ప్రతి రెప్లికా అసలు సర్వర్లో జరిగిన ప్రతి రాతనూ తానూ మళ్లీ రాస్తుంది. అసలు సర్వర్‌తో పాటు రెప్లికాలు కూడా వెనకబడ్డాయి, అంతే.

నిజంగా పనిచేసినవి రెండు. ఒకటి, పింగ్‌కో కమిట్ చేయడం మాని 200 పింగ్‌లు కలిపి ఒక ట్రాన్సాక్షన్‌గా రాయడం. రెండోది, పొజిషన్ల టేబుల్ ప్రైమరీ కీని ఆటో ఇంక్రిమెంట్ నంబరు నుంచి (`vehicle_id`, `ts`)కి మార్చి, అక్కర్లేని రెండు ఇండెక్స్‌లు తీసేయడం. మైఎస్‌క్యూఎల్ లోపల డేటాను దాచే ఇనోడీబీ వరసల్ని ప్రైమరీ కీ వరుసలోనే పేర్చుకుంటుంది కాబట్టి ఒక బండి పింగ్‌లన్నీ పక్కపక్కనే చేరతాయి. "అప్పుడు 38,000 చోట్ల రాయాలి కదా, ఇంకా నెమ్మదించదా?" అని టీమ్ అడిగింది. మంచి ప్రశ్న. ఒక్కో చోటుకు 16 కేబీ పేజీ చొప్పున లెక్కేస్తే సుమారు 600 ఎంబీ. అది మెమరీలో ఉండే బఫర్ పూల్‌లో హాయిగా ఇమిడిపోతుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. పైగా డివైస్ ఒకే పింగ్‌ను రెండుసార్లు పంపినా రెండోదాన్ని ప్రైమరీ కీయే అడ్డుకుంటుంది.

దీంతో ఎనిమిది నెలలు గడిచాయి. షార్డింగ్ ఒకసారి చేశాక వెనక్కి రావడం కష్టం కాబట్టి ఈ ఎనిమిది నెలలు వృథా అని నేను ఎప్పుడూ అనుకోను. బండ్లు పెరిగాయి, డిస్క్ హద్దు మళ్లీ తగిలింది, ఇంకో మెట్టు పెద్ద మెషిన్ ధర రెట్టింపు. అప్పుడు నాలుగు సర్వర్లుగా విడగొట్టాలని నిర్ణయించాం.

ఏ కీ?

బోర్డు మీద నాలుగు పేర్లు రాసుకున్నాం: సమయం, కస్టమర్, డివైస్, బండి.

సమయాన్ని రెండు నిమిషాల్లో కొట్టేశాం. ఈ నెల ఒక సర్వర్, వచ్చే నెల ఇంకోటి అంటే ఇవాళ్టి రాతలన్నీ ఒక్క సర్వర్ మీదే పడతాయి, మిగతా మూడూ పాత డేటా పట్టుకుని కూర్చుంటాయి. పాత డేటా తీసేయడానికి సమయం బాగా పనికొస్తుంది, రాతల భారం పంచడానికి పనికిరాదు.

టీమ్ మొగ్గు కస్టమర్ వైపు. దానికి గట్టి కారణమే ఉంది. యజమాని మ్యాప్ తెరిస్తే తన బండ్లన్నీ ఒకేసారి కనపడాలి. ఆ బండ్లన్నీ ఒకే సర్వర్లో ఉంటే ఒక్క ప్రశ్నతో పనైపోతుంది. నా అభ్యంతరం ఒక పెద్ద కస్టమర్ గురించి. ఆయనవి 9,000 బండ్లు, అంటే మొత్తంలో దాదాపు 24 శాతం. హ్యాష్ చేసి, అంటే కస్టమర్ నంబర్లను కలగలిపి సర్వర్లకు పంచితే, ఆ 24 శాతంతో పాటు మిగతా వాళ్లలో నాలుగో వంతు, ఇంకో 19 శాతం, అదే సర్వర్ మీద పడుతుంది. ఒకే సర్వర్‌కు 43 శాతం.

టీమ్ లీడ్ ఆవిడ దీనికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నారు. "హ్యాష్ ఎందుకు సార్? ఏ కస్టమర్ ఏ సర్వర్లోనో ఒక టేబుల్లో రాసుకుందాం. ఆ పెద్దాయనకు ఒక సర్వర్ మొత్తం ఇచ్చేద్దాం, మిగతా వాళ్లు మిగతా మూడింటిలో. నాలుగింటికీ దాదాపు పాతిక శాతమే వస్తుంది." లెక్క కరెక్టే. కాగితం మీద నాకూ ఎదురు చెప్పడానికి ఏమీ కనపడలేదు. అయితే నిజం పింగ్‌ల మీద పరీక్షించి తేలుద్దాం అన్నాను.

ఒక రోజు పింగ్‌లన్నీ పక్కన ఒక టేబుల్లోకి తీసుకుని, ఒక్కో కీతో ఏ నిమిషంలో ఏ సర్వర్‌కు ఎన్ని వరసలు వెళ్లేవో లెక్కకట్టాం. మొదటిసారి ఒక కుర్రాడు రాసిన క్వెరీలో కస్టమర్ కీ అద్భుతంగా కనపడింది: నాలుగు సర్వర్లూ రోజంతా సమానంగా. నాకు నమ్మకం కుదరలేదు, ఎందుకంటే పొద్దున ఆరున్నరకు నిజం సర్వర్ మునిగిపోతున్నట్టు కళ్లతో చూస్తున్నాం, ఈ లెక్కలో ఆ ఆరున్నరే లేదు. క్వెరీ తెరిచి చూస్తే నిమిషాన్ని `ts` నుంచి తీశాడు. అది డివైస్ పింగ్‌ను నమోదు చేసిన సమయం. సర్వర్‌కు చేరిన సమయం వేరే కాలమ్‌లో ఉంది. మార్చి రాశాం:

```sql
SELECT DATE_FORMAT(received_at, '%H:%i') AS mm,
       d.shard,
       COUNT(*) AS cnt
FROM ping_sample p
JOIN customer_shard d USING (customer_id)
GROUP BY mm, d.shard
ORDER BY cnt DESC
LIMIT 20;
```

ఆ ఇరవై వరసలూ చూసి గదిలో అందరం కాసేపు మాట్లాడలేదు. పైనున్నవన్నీ పొద్దున ఆరున్నర, ఏడు మధ్యవి. అన్నిట్లోనూ ఒకటే షార్డ్.

సంగతేంటంటే, కోరాపుట్ వైపు ఒక గని నుంచి లోడుతో వచ్చే లారీలు రాత్రి గేటు తెరవగానే వరసగా బయల్దేరి, తెల్లవారేసరికి సాలూరు ఘాట్ దిగుతాయి. కొండల్లో చాలా దూరం సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేనప్పుడు డివైస్ పింగ్‌లను పారేయదు, తన మెమరీలో దాచుకుని, సిగ్నల్ రాగానే అన్నీ ఒక్కసారి కుమ్మరిస్తుంది. రెండు గంటలు సిగ్నల్ లేని బండి 720 పింగ్‌లు దాచుకుంటుంది. అలాంటివి 120 బండ్లు ఒకదాని వెనక ఒకటి ఘాట్ దిగితే 86,400 పింగ్‌లు, నిమిషం అటూ ఇటూగా వచ్చి పడతాయి. సెకనుకు 1,440. ఆ 120 బండ్లూ ఒకే కస్టమర్‌వి, ఎందుకంటే ఆ గనికి ఆ లోడింగ్ కాంట్రాక్టు ఆయనదే.

అప్పుడు లెక్క మారిపోయింది. సెకనుకు 2,300 పింగ్‌లను నాలుగు సర్వర్లకు పంచితే ఒక్కోదానికి 575. ఘాట్ నుంచి వచ్చిన 1,440 అంతా ఒకే సర్వర్ మీద పడితే దానికి 2,015. పాత సర్వర్ మామూలు రద్దీలో మోసిన మొత్తం బరువుకు దాదాపు సమానం. అంటే మూడు సర్వర్లు అదనంగా కొని, పొద్దున ఆరున్నరకు మాత్రం పాత కష్టమే పడతాం. అదే 1,440ను బండి వారీగా పంచితే ఒక్కో సర్వర్‌కు 360 చొప్పున కలిసి 935. అది ఇబ్బంది లేకుండా మోయగల బరువు.

రోజు మొత్తం మీద చూస్తే ఆవిడ చెప్పిన పాతిక శాతం నిజంగానే పాతిక శాతం. కానీ ఏవి ఒకేసారి ఎగసిపడతాయో ఆ సగటు చెప్పదు. ఒక కస్టమర్ బండ్లు ఒకే గేటు నుంచి, ఒకే రోడ్డు మీద, ఒకే వేళకు కదులుతాయి. వాటిని ఒకే సర్వర్లో పెట్టామంటే ఎగసిపాటు మొత్తాన్నీ ఒక్కచోటే కట్టిపెట్టినట్టు.

కస్టమర్ కీకి ఇంకో చిక్కు ఉంది, టీమ్‌లో అమ్మకాలు చూసే ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు. లారీలు చేతులు మారతాయి. ఒక ట్రాన్స్‌పోర్టర్ అమ్మితే ఇంకో ట్రాన్స్‌పోర్టర్ కొంటాడు, ఇద్దరూ మన కస్టమర్లే. అప్పుడు ఆ బండి చరిత్ర ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మోయాలి, మోస్తున్నంతసేపూ బండి నడుస్తూనే ఉంటుంది. మారే విలువను షార్డింగ్ కీగా పెట్టకూడదన్నది నేను అన్నిచోట్లా చెప్పే మాటే, ఇక్కడ మాత్రం కస్టమర్ మారతాడని నేనే ఊహించలేదు.

ఇదే కారణం మీద డివైస్ కీ కూడా పోయింది. డివైస్ చెడిపోతే పీకి కొత్తది పెడతారు, పాతది బాగుచేసి వేరే బండికి బిగిస్తారు. డివైస్ కీ అయితే ఒక లారీ కథ రెండు మూడు సర్వర్లలో ముక్కలవుతుంది. బండి రిజిస్ట్రేషన్ నంబరైనా పనికొస్తుందా అంటే, కొత్త లారీ మొదట టీఆర్ నంబరు మీద తిరిగి, తర్వాత అసలు నంబరుకు మారుతుంది. అందుకే మేమే ఇచ్చే, ఎప్పటికీ మారని `vehicle_id`నే కీగా తీసుకున్నాం. పింగ్, ట్రిప్పు, అలర్ట్ మూడింటికీ ఆ నంబరు ఉంది. ఒక పింగ్ వల్ల జరిగే రాతలన్నీ ఒకే సర్వర్లో ఒకే ట్రాన్సాక్షన్‌గా ముగుస్తాయి. విడివిడిగా ఎగసిపడాల్సినవి విడిపోయాయి, కలిసి కమిట్ కావాల్సినవి కలిసే ఉన్నాయి.

కీ కుదిరాక తప్పిన లెక్క

మొదట `vehicle_id % 4` అని రాసి పరీక్షించాం. రెండు సర్వర్లకు సగం సగం వచ్చింది, మిగతా రెండింటికి సున్నా. స్క్రిప్టులో తప్పేమో అని గంటసేపు వెతికాం. తప్పు స్క్రిప్టులో లేదు. కొన్నేళ్ల కింద రెండు మాస్టర్ సర్వర్లతో నడిపినప్పుడు నంబర్లు ఢీకొనకుండా `auto_increment_increment`ను 2 చేశారు. ఆ రెండో మాస్టర్ ఎప్పుడో పోయింది, సెట్టింగ్ మాత్రం మిగిలిపోయింది. దాంతో వాళ్ల బండి నంబర్లన్నీ బేసి సంఖ్యలే. బేసి సంఖ్యను నాలుగుతో భాగిస్తే శేషం 1 లేదా 3 తప్ప రాదు.

అందుకని నంబరును హ్యాష్ చేసి, 1024 బకెట్లలోకి పంచాం. ఏ బకెట్ ఏ సర్వర్లో ఉందో వేరే చిన్న టేబుల్ చెబుతుంది:

```python
bucket = zlib.crc32(str(vehicle_id).encode()) % 1024
```

నేరుగా సర్వర్ల సంఖ్యతో భాగించకుండా మధ్యలో బకెట్లు పెట్టింది రేపు ఐదో సర్వర్ వచ్చినప్పటి కోసం. నాలుగుతో భాగించేది ఐదుతో భాగిస్తే 80 శాతం బండ్ల చోటు మారిపోతుంది. బకెట్లయితే ఒక్కో పాత సర్వర్ నుంచి 51 చొప్పున, మొత్తం 204 బకెట్లు మోస్తే చాలు, మిగతావి కదలవు.

మ్యాప్ సంగతి

బండి కీ వల్ల యజమాని మ్యాప్ నాలుగు సర్వర్లనూ అడగాల్సి వస్తుంది. నాలుగింటిలో నెమ్మదైనది ఎప్పుడిస్తే అప్పుడే మ్యాప్ కనపడుతుంది. ఒక్కో సర్వర్ నూటికి ఒకసారి తడబడినా, నాలుగూ కలిపి అడిగితే నూటికి దాదాపు నాలుగుసార్లు తడబాటే. టీమ్ లీడ్ మొదటి నుంచీ భయపడింది దీనికే, ఆవిడ భయం సబబైనదే.

అయితే మ్యాప్‌కు కావాల్సింది చరిత్ర కాదు, బండికో వరస మాత్రమే: ఇప్పుడెక్కడుంది. అది 38,000 వరసలు. వాటిని డేటాబేస్ నుంచి తీసి, డేటాను మెమరీలో ఉంచే రెడిస్‌లో కస్టమర్ వారీగా పెట్టాం. అది పోయినా నడుస్తున్న బండ్లు పది సెకన్లలో మళ్లీ నిండిపోతాయి, ఆగి ఉన్నవాటిని షార్డ్‌ల నుంచి ఒకసారి చదివి నింపుకోవచ్చు. ఒక షరతు మాత్రం ముఖ్యం: ఘాట్ దిగి కుమ్మరించిన పాత పింగ్, కొత్త స్థానాన్ని చెరిపేయకూడదు. అందుకని రాసేముందు పింగ్ సమయం పోల్చి, ఉన్నదానికన్నా కొత్తదైతేనే రాస్తాం. ఒక యజమాని బండ్లన్నీ కలిసి కనపడాలన్న అవసరాన్ని ఇలా షార్డింగ్ కీ మీద నుంచి దించేశాం.

మార్పిడిలో జరిగిన పొరపాటు

బకెట్ల వారీగా పాత సర్వర్ నుంచి కొత్తవాటికి మార్చుతూ, ప్రతి బకెట్‌కూ రెండు వైపులా వరసల సంఖ్య పోల్చుకుంటూ వచ్చాం. మూడో రాత్రి ఒక బకెట్లో కొన్ని వందల వరసలు తేడా. బండ్ల నంబర్లు తీసి చూస్తే ఆ తేడా అంతా బకెట్ మారిన తర్వాతి ఐదు నిమిషాలది, ఆ వరసలు పాత సర్వర్లో ఉన్నాయి. పింగ్‌లు రాసే ప్రాసెస్‌లలో ఒకటి బకెట్ల టేబుల్‌ను ఐదు నిమిషాలకోసారి మాత్రమే చదువుకుంటోంది. మిగతావన్నీ వెంటనే చదువుకున్నాయి, ఇది పాత చిరునామాకే రాసుకుంటూ పోయింది. సర్వర్ కూడా కిమ్మనకుండా తీసుకుంది.

ఐదు నిమిషాలను ఐదు సెకన్లు చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఐదు సెకన్లలోనూ వరసలు తప్పిపోతాయి. రాసేవాడి జ్ఞాపకాన్ని నమ్మకుండా, సర్వరే తనది కాని బకెట్‌ను తిప్పికొట్టాలి. ప్రతి సర్వర్లో తన బకెట్ల టేబుల్ పెట్టి, ప్రతి ట్రాన్సాక్షన్ మొదట్లో ఇది చేర్చాం:

```sql
SELECT bucket FROM owned_bucket
WHERE bucket IN (17, 305, 611) FOR SHARE;
```

అడిగినన్ని వరసలు రాకపోతే ట్రాన్సాక్షన్ రద్దయి, పింగ్‌లు క్యూలోకి తిరిగి వెళ్తాయి. బకెట్‌ను మార్చేటప్పుడు ముందు పాత సర్వర్లో ఆ వరస తీసేస్తాం. అప్పటికే రాస్తున్నవాళ్లు `FOR SHARE` లాక్ పట్టుకుని ఉంటారు కాబట్టి, వాళ్ల పని ముగిసేదాకా డిలీట్ ఆగుతుంది. డిలీట్ అయిందంటే ఇక అక్కడ రాసేవాడు ఎవడూ లేడు. చివరి తేడా కాపీ చేసి, కొత్త సర్వర్లో ఆ వరస చేరుస్తాం. కొన్ని సెకన్లు ఆ బకెట్ పింగ్‌లు క్యూలో ఆగుతాయి, పోవు. తప్పిపోయిన ఆ కొన్ని వందల వరసలు పాత సర్వర్లో భద్రంగానే ఉన్నాయి కాబట్టి తెచ్చి కలిపాం, ఆ బండ్ల ట్రిప్పుల కిలోమీటర్లు మళ్లీ లెక్కకట్టాం. ఆ తర్వాత మిగిలిన బకెట్లన్నీ తేడా లేకుండా మారాయి.

ఇప్పటికీ కష్టంగా ఉన్నది

పొద్దున ఆరున్నర వెనకబాటు పోయింది. ఘాట్ దిగే వేళ నాలుగు సర్వర్ల గీతలూ కలిసి లేచి కలిసి దిగుతాయి. కానీ ఒక రకం ప్రశ్నకు ఈ కీ ఏమాత్రం సాయం చేయదు. ఎక్కడో యాక్సిడెంట్ జరిగి, "రెండు నుంచి మూడు గంటల మధ్య గాజువాక జంక్షన్ మీదుగా ఏయే బండ్లు పోయాయి?" అని అడిగితే, నాలుగు సర్వర్లలో ప్రతి బండి పింగ్‌లనూ ఆ గంటకు తిరగేయాల్సిందే. నలభై సెకన్లు పడుతుంది. నెలకు రెండు మూడుసార్లు వచ్చే ప్రశ్న కాబట్టి రెప్లికాల మీద నడిపి సరిపెట్టుకుంటున్నాం. అదే రోజూ అడిగే ప్రశ్న అయితే, చోటు, గంట కీగా ఉన్న ఇంకో కాపీ వేరే పెట్టమని వాళ్లకు రాసిచ్చి వచ్చాను. `vehicle_id`ని మాత్రం కదపొద్దన్నాను.